మండే ఎండలోనూ ‘డి’ లోటే

ఊరూ ఆరోగ్యం

విస్సన్నపేటలో ఎండకు కొదవా? మే నెల మధ్యాహ్నం రోడ్డు మీద పది నిమిషాలు నిలబడితే మాడు పగిలిపోతుంది. అలాంటి చోట రక్తపరీక్ష రిపోర్టులో విటమిన్ డి 12 అనో 15 అనో వస్తే ముందు ల్యాబు మీదే అనుమానం వస్తుంది. ‘తోటల్లో తిరిగే వాళ్లం, మాకు ఎండ తక్కువైందా?’ అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అయితే తప్పు ల్యాబుది కాకపోవచ్చు.

తిరుపతి స్విమ్స్‌లో డాక్టర్ సి.వి. హరినారాయణ్ బృందం ఇదే ప్రశ్న పట్టుకుంది. 2007లో ప్రచురించిన వాళ్ల లెక్కల ప్రకారం, ఆ చుట్టుపక్కల పల్లెల్లో పొలం పని చేసుకునే మగవాళ్లలో 44 శాతం, ఆడవాళ్లలో 70 శాతం మందికి విటమిన్ డి మిల్లీలీటరుకు 20 నానోగ్రాముల కంటే తక్కువ ఉంది. పట్నంలో అది మగవాళ్లలో 62, ఆడవాళ్లలో 75 శాతం. అంటే పల్లె నయమే, కాకపోతే మనం అనుకున్నంత నయం కాదు. కారణాలు మూడు. మూడూ మన మామిడి తోటల్లోనే కనిపిస్తాయి.

మొదటిది వేళ. చర్మంలో డి తయారయ్యేది వేడి వల్ల కాదు, వెలుతురు వల్ల కూడా కాదు, ఎండలోని అతినీలలోహిత బి కిరణాల వల్ల. సూర్యుడు వాలుగా ఉంటే ఆ కిరణాలు గాలి పొరల్లోనే చాలావరకు ఆగిపోతాయి. ఇది తెలుసుకోవడానికి యంత్రం అక్కర్లేదు, మీ నీడ చూసుకోండి. నీడ మీకంటే పొడుగ్గా ఉంటే ఆ ఎండలో డి పెద్దగా తయారు కాదు, పొట్టిగా ఉంటే తయారవుతుంది. విస్సన్నపేటలో డిసెంబరు చివర నీడ మనకంటే పొట్టిగా ఉండేది సుమారు పదకొండు నుంచి ఒంటిగంటన్నర దాకానే. మేలో తొమ్మిది నుంచి మూడు దాకా ఉంటుంది. కానీ మేలో కోతకు వెళ్లేవాళ్లు తెల్లవారకముందే బయల్దేరి, ఎండ ముదిరేలోపు పని ముగించుకుంటారు. ఆ తర్వాత చెట్టు కిందో షెడ్డులోనో కాయలు ఏరడం, క్రేట్లు సర్దడం. డి దొరికే వేళకు అందరూ నీడలో ఉంటారు. వడదెబ్బ తగలకుండా ఉండాలంటే అదే సరైన పద్ధతి, దాన్ని మార్చుకోమని ఎవరూ చెప్పకూడదు. లేత ఎండలో కూర్చుంటే డి వస్తుందన్న నమ్మకాన్ని మాత్రం మార్చుకోవాలి.

రెండోది ఒళ్లు. చిక్కంతో కాయ కోసేవాళ్లు నిండు చేతుల చొక్కా వేసుకుని తలకు తువ్వాలు చుట్టుకునేది ఎండకొక్కదానికే కాదు. తొడిమ దగ్గర చిమ్మే సొన ఒంటి మీద పడితే కాలి మచ్చలు పడతాయి. ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కుంటారు. ఇక ఎండ తగిలేది ముఖానికి, మణికట్టు దిగువ చేతులకే. పైగా మన చామనచాయ ఒంటికి తెల్లవాళ్ల కంటే ఎక్కువ సేపు ఎండ కావాలి. చర్మంలోని నల్లరంగు ఆ కిరణాలను అడ్డుకుంటుంది మరి.

మూడోది కంచం. తిరుపతి అధ్యయనంలో ఈ సంగతే గట్టిగా బయటపడింది. తిండిలో క్యాల్షియం తక్కువ, దాన్ని ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు ఎక్కువ. క్యాల్షియం చాలనప్పుడు శరీరం ఉన్నదాన్నే గట్టిగా పీల్చుకోవాలని చూస్తుంది. ఆ తొందరలో డి నిల్వ త్వరగా ఖర్చయిపోతుంది. పెద్దవాళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం, 600 యూనిట్ల డి కావాలని ఐసీఎంఆర్ 2020లో చెప్పింది. మూడు పూటలా అన్నం, పప్పుచారు, పలుచటి మజ్జిగతో అంత క్యాల్షియం రాదు. రోజూ రెండు గ్లాసుల పాలో పెరుగో, ఒక పూట రాగి సంకటో ఉంటే లెక్క దగ్గర పడుతుంది. మామిడిపండులో విటమిన్ డి లేదు. గుడ్డు పచ్చసొనలో ఉంది గానీ నలభై యూనిట్ల దాకానే. డి కలిపిన ప్యాకెట్ పాలు లీటరు తాగినా వచ్చేది 200 నుంచి 300 యూనిట్లు.

కాబట్టి కొందరికి మందు తప్పదు. మన మందుల షాపుల్లో దొరికేది ఎక్కువగా 60,000 యూనిట్ల డి3 పొడి ప్యాకెట్టు, లేదా అంతే బలమున్న మెత్తటి గోలీ. దాన్ని వాడే తీరు ఒక ఉదాహరణతో చూద్దాం. కాయలు ఏరే షెడ్డులో పనిచేసే నలభై ఐదేళ్ల మనిషి అనుకోండి. నేల మీద కూర్చుంటే చెయ్యి ఆనించకుండా లేవలేకపోతోంది, తొడలూ నడుమూ లాగుతున్నాయి. డి 11 ఉంది. డాక్టరు సాధారణంగా వారానికొక ప్యాకెట్టు, ఎనిమిది వారాలు రాస్తారు. మొత్తం 4,80,000 యూనిట్లు. కొవ్వులో కరిగే మందు గనక భోజనమయ్యాక పాలతో తీసుకుంటే సరి. చాలామందికి ఆ ఎనిమిది వారాల్లో డి 30 దాటుతుంది. నొప్పులు తగ్గాయని అక్కడితో ఆపేస్తేనే చిక్కు. రక్తంలోని డి రెండు మూడు వారాలకు సగం చొప్పున తరుగుతుంది. వేళా, చొక్కా, కంచం మారలేదు కాబట్టి కొన్ని నెలలకు మళ్లీ మొదటికే వస్తుంది. అందుకే ఆ తర్వాత నెలకొక ప్యాకెట్టు, అంటే రోజుకు రెండు వేల యూనిట్ల చొప్పున, కొనసాగించమంటారు.

అసలు ప్రమాదం ‘వారానికొకటి’ అన్నది ‘రోజుకొకటి’ అయినప్పుడు. మిగతా బిళ్లలన్నీ రోజూ వేసుకునేవే కాబట్టి దీన్నీ వాటితో కలిపి వేసేసుకుంటారు. రెండు నెలలు అలా సాగితే 36 లక్షల యూనిట్లు ఒంట్లో చేరతాయి. రక్తంలో క్యాల్షియం పెరిగిపోతుంది. వాంతులు, మలబద్ధకం, ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం, చివరికి మతి తప్పడం, కిడ్నీలు దెబ్బతినడం. ఇవి కనిపిస్తే ప్యాకెట్లు ఆపి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి, రక్తంలో క్యాల్షియం చూపించుకోవాలి. ఒకేసారి ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షను వేయించుకునే అలవాటూ మంచిది కాదు. డెబ్బై దాటిన స్త్రీలకు ఏడాదికొకసారి ఐదు లక్షల యూనిట్లు ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా వైద్యులు 2010లో తేల్చిందేమిటంటే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ తగ్గకపోగా పెరిగాయని.

కిడ్నీ మాట మన ప్రాంతంలో మరీ ముఖ్యం. పక్కనే ఎ.కొండూరు తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కుంగదీసిందో తెలిసిందే. డిని చురుకైన రూపంలోకి మార్చే పనిలో ఎక్కువ భాగం కిడ్నీదే. అది దెబ్బతిన్న వాళ్లకు మందూ మోతాదూ వేరు. ఆ తండాల వాళ్లు, కిడ్నీలో రాళ్లు ఉన్నవాళ్లు, నొప్పి బిళ్లలు ఎక్కువగా వాడేవాళ్లు క్రియాటినిన్ పరీక్ష చేయించుకోకుండా ప్యాకెట్టు విప్పకూడదు.

అలాగని ఊరంతా వరసపెట్టి డి పరీక్ష చేయించుకోనక్కర్లేదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు ఈ పరీక్ష మామూలుగా అవసరం లేదని అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2024లో చెప్పింది. ఆ డబ్బుతో పాలు, పెరుగు, గుడ్లు కొనుక్కోవడం మేలు. కూర్చుని లేవలేనివాళ్లు, ఎముక తేలిగ్గా విరిగినవాళ్లు మాత్రం తప్పకుండా చేయించుకోవాలి. గర్భిణులు, మంచం దిగని ముసలివాళ్లు, ఇల్లు కదలనివాళ్లు డాక్టరును అడిగి చిన్న మోతాదు వాడుకోవచ్చు. చంటిపిల్లలకు ఏడాది దాకా రోజుకు 400 యూనిట్ల చుక్కల మందు ఉంది.

డాక్టర్లకూ మందుల షాపుల వాళ్లకూ నా మనవి ఒకటే. ఈ ప్యాకెట్టు ఇచ్చేటప్పుడు ‘వీక్లీ’ అని గిలికేసి ఊరుకోవద్దు. ‘ఆదివారం మాత్రమే’ అని తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. నాలుగుకు మించి ఒకేసారి ఇవ్వకండి. అలా రాయకుండా ఇస్తే, కొనుక్కునే వాళ్లు కౌంటరు దగ్గరే నిలబడి రాయించుకోవాలి.