ఎనుమాముల సరాసరి – ఫండు మేనేజరు పనితనం

వరంగల్: మిర్చి సీజను ముగిసి, కోల్డ్ స్టోరేజీ లెక్కలు తేలిన పిదప, మిగిలిన సొమ్మును మ్యూచువల్ ఫండులలో పెట్టే వర్తకులు మన మార్కెట్‌లో పెరిగారు. ఫండును ఎంచుకునేటప్పుడు వీరిలో చాలామంది వేసే ప్రశ్న ఒక్కటే: "ఐదేండ్లలో ఎంత ఇచ్చింది?" సరుకు విషయంలో మాత్రం మనం ఇలా అడగము. అదే రోజు, అదే రకానికి యార్డులో పలికిన సరాసరి ధరతో పోల్చి బేరం మంచిచెడ్డలు చెబుతాము. ఫండుకూ అదే కొలత పెట్టాలి.

షేర్ల మార్కెట్‌లో ఆ సరాసరి పేరు సూచీ. దాన్ని మించుతామని చెప్పే మేనేజర్లలో ఎక్కువమంది దీర్ఘకాలంలో వెనుకబడుతున్నారు. తెలివి తక్కువై కాదు, లెక్కే అలా ఉంది. ఎనుమాముల యార్డులో ఒకనాడు ఒకే నాణ్యత గల తేజ రకం సరాసరిన క్వింటాలు 15,000 రూపాయలు పలికిందనుకుందాం. సగం సరుకు 14,700కు దక్కించుకున్నవారు ఉంటే, మిగతా సగం 15,300కు కొన్నవారు ఉండి తీరాలి. ఖరీదుదారులందరినీ కలిపితే 15,000 తప్ప మరొకటి రాదు. మంచి బేరం కోసం పెట్టిన గుమస్తాల జీతాలు, తిరుగుడు ఖర్చులు క్వింటాలుకు 200 అయితే, అందరి సరాసరి ఖరీదు 15,200 అవుతుంది. "నాకు యార్డు సరాసరికే ఇప్పించు, 20 రూపాయలు తీసుకో" అన్న వ్యక్తికి 15,020కే సరుకు దక్కుతుంది. అమెరికా ఆర్థికవేత్త విలియం షార్ప్ 1991లో రాసిన వ్యాసం సారాంశం ఇదే.

ఏటా పోయే ఖర్చు చూడటానికి చిన్నది. సూచీ ఏడాదికి 12 శాతం పెరిగితే లక్ష రూపాయలు 20 ఏండ్లలో సుమారు 9.65 లక్షలవుతుంది. సూచీని అనుసరించే ఫండు 0.2 శాతం తీసుకుంటే చేతికి 9.31 లక్షలు వస్తుంది. మేనేజరు సూచీతో సమానంగా సంపాదించి ఖర్చుల కింద 1.5 శాతం తీసుకుంటే మిగిలేది 7.37 లక్షలే. రెంటికీ తేడా సుమారు 1.94 లక్షలు.

అయితే షార్ప్ లెక్క మార్కెట్‌లోని అందరినీ కలిపి వేసినది. ఫండులు అందులో ఒక భాగం మాత్రమే. తొందరపడి కొని అమ్మే చిల్లర మదుపుదారులు ఎక్కువగా ఉన్నచోట ఫండులు వారి నుంచి లాభం తీయగలవు. చిన్న కంపెనీల షేర్లలో ఆ అవకాశం ఇంకా కొంత ఉంది. పెద్ద కంపెనీల షేర్లలో బేరగాళ్లందరూ ఆరితేరినవారే గనుక గెలుపు కష్టం.

ఇక న్యాయంగా తూచడం ఎలా? మొదటిది, కాటా సరిగా ఉండాలి. ఫండు లెక్కలో కంపెనీలిచ్చే డివిడెండు కలిసి ఉంటుంది. వట్టి ధరల సూచీలో అది ఉండదు. దానితో పోల్చితే ప్రతి మేనేజరూ ఏటా ఒక శాతానికి పైగా ఉచితంగా గెలిచినట్టు కనిపిస్తాడు. అందుకే 2018 ఫిబ్రవరి నుంచి డివిడెండు కలిసిన సూచీతోనే పోల్చాలని సెబీ నిర్దేశించింది. చిన్న కంపెనీల ఫండును చిన్న కంపెనీల సూచీతోనే తూచాలి. తాలును తేజ పక్కన పెట్టి ధర కట్టము కదా.

రెండవది, తేదీ మాయ. 2020 జనవరి మధ్యలో నిఫ్టీ 12,300 పైన ఉంది. అక్కడి నుంచి ఐదేండ్లకు రెట్టింపు కూడా కాలేదు. అదే ఏడాది మార్చి 23న 7,610 వద్ద ముగిసింది. అక్కడి నుంచి ఐదేండ్లలో మూడింతలు దాటింది. మొదలు రెండు నెలలు జరిగితే అదే సరుకు వేరుగా కనిపించింది. కాబట్టి ఒక్క తేదీని నమ్మరాదు. పదిహేనేండ్ల చరిత్ర తీసుకుని, నెలనెలా మొదలయ్యే ప్రతి ఐదేండ్ల గడువునూ సూచీ పక్కన పెట్టి, ఎన్నిసార్లు గెలిచింది, ఓడినప్పుడు ఎంత వెనుకబడింది అని లెక్కించాలి. ఇదే కొలతలో మేనేజరుకూ న్యాయం ఉంది: రెండు మూడేండ్లు వెనుకబడినంత మాత్రాన అతడు పనికిరానివాడు కాడు.

మూడవది, కనబడని ఫండులు. సరిగా నడవనివాటిని వేరే ఫండులో కలిపేస్తారు. నేటి జాబితాలో మిగిలినవాటినే లెక్కించడమంటే, దివాలా తీసిన దుకాణాలను వదిలేసి బజారు లాభాలు చెప్పడమే.

ఈ మూడు పరీక్షలకూ నిలిచి, ఖర్చులు పోను సూచీని మించిన ఫండు దొరికితే దానికి ఫీజు చెల్లించవచ్చు. నిలవనిచోట తక్కువ ఖర్చు గల సూచీ ఫండు తీసుకోవడమే లాభసాటి బేరమని మా అభిప్రాయం.