కడుపుకోతకు గురైన స్నేహితురాలి ఇంటికి...

మైపాడు సమీపాన ఉండే నా స్నేహితురాలికి మూడో నెలలో గర్భస్రావమైంది. పరామర్శకు వచ్చిన ఒక పొరుగామె, నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండుగలో అందుకున్న సంతాన రొట్టెను ప్రేమగా ఆమె చేతిలో పెట్టింది. స్నేహితురాలు దానిని తీసుకుని, ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ రొట్టె రాబోయే బిడ్డను గురించి చెబుతుంది. ఆమె దుఃఖమో, పోయిన బిడ్డ కోసం.

సోదరీమణులారా! ఇలాంటి ఇంటికి ఏం తీసుకువెళ్ళాలి? హజ్రత్ జాఫర్ (రజి) ముతా యుద్ధంలో అమరులైన వార్త అందినప్పుడు, దైవప్రవక్త (స) ఆయన కుటుంబానికి భోజనం సిద్ధం చేయమని ఇతరులను ఆదేశించారు. దుఃఖంలో మునిగిన ఇంట పొయ్యి వెలిగించే బాధ్యత ఇరుగుపొరుగుది. కాని మనం వెళ్ళి కూర్చుంటే, ఆమే లేచి టీ పెట్టవలసి వస్తోంది!

హజ్రత్ ఆయిషా (రజి) తమ బంధువర్గంలో ఎవరైనా మరణిస్తే, వచ్చిన స్త్రీలంతా వెళ్ళిపోయి సన్నిహితులు మాత్రమే మిగిలిన తరువాత తల్‌బీనా వండించేవారు. అది దుఃఖితుల హృదయానికి ఊరటనిస్తుందని దైవప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు. రెండు చెంచాల బార్లీ పిండిని గ్లాసుడు నీళ్ళలో ఉండలు కట్టకుండా కలిపి, సన్నని సెగపై పది పదిహేను నిమిషాలు కలుపుతూ ఉడికించాలి. పాలు పోసి, గోరువెచ్చగా అయ్యాక తేనె కలపాలి. తిరిగి ఇవ్వనక్కరలేని డబ్బాలో తీసుకువెళ్ళండి. జనం రాక తగ్గిన రెండో వారంలో మరొకసారి వెళ్ళండి.

రక్తస్రావం ఒకటి రెండు వారాలు ఉండవచ్చు. అందువల్ల ప్యాడ్లు, పొత్తికడుపు నొప్పికి వేడినీళ్ళ సంచి, ఒక మెత్తని నూలు చీర ఆమెకు నిజంగా పనికివస్తాయి. గంటకొక ప్యాడ్ చొప్పున వరుసగా రెండు గంటలు తడిసినా, జ్వరం వచ్చినా, స్రావం దుర్వాసన వేసినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. పసిపిల్లల బట్టలు, గాజులు, పూలు, పండ్ల పళ్ళెం మాత్రం వద్దు. అవి సీమంతాన్ని గుర్తుచేస్తాయి.

మాటలూ కానుకలే. "బొప్పాయి తిన్నావా? బరువెత్తావా?" అన్న ప్రశ్న ఆమెను దోషిగా నిలబెడుతుంది. తొలి మూడు నెలల్లో జరిగే గర్భస్రావాలలో దాదాపు సగం పిండంలోని క్రోమోజోముల లోపం వల్ల సంభవిస్తాయి. అందులో తల్లి చేసిన తప్పేమీ లేదు. "వయసుంది, మళ్ళీ పుడతారులే" అన్న ఓదార్పు కూడా ఆ రొట్టె లాంటిదే. "ఏడవకు, సబర్ చెయ్యి" అని ఆపకండి. కుమారుడు ఇబ్రాహీం మరణించినప్పుడు దైవప్రవక్త (స) కళ్ళు సైతం చెమర్చాయి.

నేను తల్‌బీనా డబ్బా పక్కన పెట్టి, "నీ కోసం దుఆ చేస్తున్నాను. బట్టలు ఉతకనా?" అని మాత్రమే అడిగాను. చాలాసేపటి తరువాత ఆమె, బిడ్డకు తాను మనసులో అనుకున్న పేరు చెప్పింది. నేను విన్నాను.