బంగారం స్కీములో పన్నెండో వాయిదా

నరసరావుపేట, సత్తెనపల్లి, వినుకొండ బజార్లలో నగల దుకాణాల వారు నడిపే నెలసరి స్కీములలో పల్లెల నుంచి కూడా చేరుతున్నారు. మిర్చి కోతల కూలి డబ్బులో, పాల డబ్బులో కొంత మిగిల్చి ఆడవారు నెలనెలా కట్టి వస్తున్నారు. పదకొండు వాయిదాలు కడితే పన్నెండో వాయిదా దుకాణం వారే వేస్తారని చెప్పే మాట అబద్ధం కాదు. అయితే ఆ వాయిదా చివరకు ఎవరి చేతిలో మిగులుతున్నదో లెక్క చూసుకొనేవారు తక్కువ.

నెలకు 2,000 రూపాయల వంతున పదకొండు నెలలు కట్టిన ఇల్లాలు 22,000 కడుతుంది. దుకాణం 2,000 కలిపితే 24,000 అవుతుంది. మొదటి వాయిదా పదకొండు నెలలు, చివరి వాయిదా ఒక్క నెల దుకాణంలో ఉంటాయి. ఊరి లెక్కన చూస్తే ఇది నూటికి నెలకు రూపాయిన్నర వడ్డీ. బ్యాంకు ఇచ్చేదానికంటే ఇది బాగా ఎక్కువ. బోనసు సగం వాయిదాయే అయితే ముప్పావలా వడ్డీకి దిగుతుంది. కనుక “బోనసు ఉంది” అన్న మాటతో సరిపెట్టుకోక, ఎంత అన్నది ముందుగా అడగాలి.

అసలు సంగతి నగ తీసుకొనే రోజున తేలుతుంది. బోనసు నగదుగా చేతికి రాదు. ఆ దుకాణంలోనే నగ కొనాలి. నగ ధరలో బంగారం వెలతోపాటు తరుగు, మజూరీ, వాటన్నిటిపై నూటికి మూడు రూపాయల జి.ఎస్.టి. ఉంటాయి. లెక్క సులువు కోసం 22 క్యారెట్ల బంగారం గ్రాము 10,000 రూపాయలు అనుకుందాం. స్కీము దుకాణంలో తరుగు, మజూరీ కలిపి నూటికి ఇరవై అయితే గ్రాము నగ 12,360 పడుతుంది. 24,000కు వచ్చేది 1.94 గ్రాములు. ఏ స్కీములోనూ చేరకుండా, అదే 22,000 దాచుకొని, నూటికి పది మాత్రమే తీసుకొనే పక్క దుకాణానికి వెళితే గ్రాము 11,330 పడుతుంది. అక్కడా వచ్చేది అదే 1.94 గ్రాములు. అంటే బోనసు మొత్తం తరుగులో కరిగిపోయింది. తరుగు రెండుచోట్లా ఒకటే అయినప్పుడే ఆ 2,000 నిజమైన లాభం.

కొన్ని దుకాణాలు బోనసుకు బదులు “తరుగు లేదు” అంటాయి. కిందనే “నూటికి 18 వరకు” అని చిన్న అక్షరాలలో ఉండవచ్చు. అంతకు మించిన తరుగున్న నగ ఎంచుకుంటే పై తేడా కొనేవారే కట్టాలి.

చేరేముందు కార్డు వెనుక నిబంధనలు చదవాలి. చదువు రానివారు పిల్లలచేత చదివించుకోవాలి. ముఖ్యంగా చూడవలసింది, కట్టిన సొమ్ము రూపాయలుగా ఉంటుందా, లేక ఏ నెల వాయిదా ఆ నాటి ధర ప్రకారం గ్రాములుగా జమ అవుతుందా అన్నది. రూపాయలుగా ఉంటే, ఈలోగా ధర పెరిగినప్పుడు ఆ భారం కట్టినవారిదే. ఒక వాయిదా ఆలస్యమైతే బోనసు ఉంటుందా, మధ్యలో మానుకుంటే డబ్బు వెనక్కు ఇస్తారా, లేక నగే తీసుకోవాలా, బంగారు నాణెం ఇస్తారా అన్నవి కూడా అక్కడే ఉంటాయి. నోటిమాటగా చెప్పినవి కార్డుమీద రాయించుకోవాలి.

ఈ సొమ్ము బ్యాంకు డిపాజిట్టు కాదు. బ్యాంకులో 5 లక్షల వరకు బీమా ఉంది; ఇక్కడ లేదు. రిజిస్ట్రారు పర్యవేక్షణలో నడిచే చిట్‌ఫండూ కాదు. సరకు కోసం ముందుగా ఇచ్చిన అడ్వాన్సు మాత్రమే. 2014 నాటి కంపెనీ డిపాజిట్ల నిబంధనల ప్రకారం అడ్వాన్సుకు 365 రోజులలోగా సరకు ఇచ్చివేయాలి. స్కీములు పదకొండు నెలలకే ముగియడానికి కారణం ఇదే. అంతకంటే ఎక్కువ కాలం కట్టమనే దుకాణాన్ని, నగదు ఇస్తామని ఆశ పెట్టే దుకాణాన్ని అనుమానించవలసి ఉన్నది. దుకాణం మూతపడితే అప్పులిచ్చినవారి వరుసలో నిలబడవలసిందే. కనుక ప్రతి వాయిదాకు రశీదు తీసుకోవాలి. పెళ్లికని దాచిన సొమ్మంతా ఒకేచోట పెట్టరాదు.

నగ తీసుకొనేనాడు హాల్‌మార్కు, 22 క్యారెట్లకు 916 అంకె, ఆరు అక్షరాంకెల గుర్తు చూసుకోవాలి. రాళ్ల బరువు తీసివేసి బంగారం బరువు బిల్లులో విడిగా వేయించాలి. తేడా వస్తే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు.

దుకాణదారులు నిబంధనలను పెద్ద అక్షరాలతో తెలుగులో అచ్చువేసి, ఏ నగకు ఎంత తరుగో చేరేనాడే చెప్పడం న్యాయం. నిజంగా బోనసు ఇచ్చేవారికి అందువల్ల వచ్చే నష్టమేమీ లేదు.