నడిమి ఓటరు పేరిట మనకిచ్చే సలహా

“పార్టీలు నడిమి ఓటరు ఉన్నచోటికే వస్తాయి, మనం అంచున ఉన్నవాళ్లం, అడిగి ప్రయోజనం లేదు” అని మన సభలలోనే చదువుకున్న పెద్దలు కొందరు సెలవిస్తున్నారు. ఈ మాటకు మూలం 1929లో హోటెల్లింగ్ చెప్పిన అంగళ్ల పోలిక. దానిని 1957లో ఆంథొనీ డౌన్స్ ఎన్నికలకు విస్తరించాడు. ఆ సలహా ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో పరిశీలించవలసి ఉంది.

మైపాడు తీరం వెంట నూరు కుటుంబాలు వరుసగా కూర్చున్నాయనుకోండి. రెండు సోడా బండ్లు ఉన్నాయి. ఒకటి ఇరవయ్యో కుటుంబం వద్ద, రెండవది ఎనభయ్యో కుటుంబం వద్ద నిలిచాయి. రెండవ బండి అరవై దగ్గరకు జరిగితే మొదటిదాని బేరం కొంత దానికి చేరుతుంది. మొదటిదీ జరుగుతుంది. చివరకు రెండూ యాభయ్యో కుటుంబం వద్ద ఆనుకొని నిలుస్తాయి. ఇది జరగాలంటే తీరం ఒకే గీత కావాలి, బండ్లు రెండే ఉండాలి, ఎంత దూరమైనా అందరూ వచ్చి కొనాలి. దూరమని అంచునున్నవారు ఇంటికి పోతే లెక్క తప్పుతుంది.

2024 శాసనసభ ఎన్నికలలో సంక్షేమం అనే గీతపై ఈ సిద్ధాంతం చాలావరకు ఫలించింది. పింఛను నెలకు మూడు వేలు ఇస్తున్న వైసీపీ దానిని దశలవారీగా 3,500కు పెంచుతామన్నది. కూటమి 4,000 అన్నది. బండ్లు ఒకే దిక్కుకు జరిగాయి.

అయితే ఆ ఎన్నికలలో రెండవ గీత ఒకటి ఉండినది. 2007 చట్టంతో వచ్చి, 2010 నాటి సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో నిలిచిన నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషన్ అది. కొనసాగిస్తామని చంద్రబాబు నాయుడు చెప్పారు. ఆ రోజులలోనే తెలంగాణ సభలలో దానిని రద్దు చేస్తామని అమిత్ షా ప్రకటించారు. ఒకే కూటమి, రెండు మాటలు. సిద్ధాంతం ప్రకారం పార్టీకి ఒక్క స్థానమే ఉండాలి!

ఇదెలా సాధ్యమైంది? ఓటరుకున్నది ఒక్క ఓటు. దానితోనే రెండు ప్రశ్నలకూ బదులివ్వాలి. రిజర్వేషన్‌ను మూడవ నాలుగవ విషయంగా తలచేవాడు పింఛను చూసి ఓటు వేస్తాడు. కనుక ఆ విషయంలో పార్టీ ఎటు జరిగినా అతడు చేజారడు. దానినే ప్రాణంగా తలచేవాడు మాత్రం, అనుకూలుడైనా వ్యతిరేకి అయినా, దానిని బట్టే కదులుతాడు. నడిమి ఓటరు లెక్క తలలను కొలుస్తుంది గాని, ఆ తలలలోని తీవ్రతను కొలవదు. నెల్లూరు నగరంలో వైసీపీ అభ్యర్థి ఖలీల్ అహ్మద్ ఓడినారు గనుక రిజర్వేషన్‌ను ప్రజలు తిరస్కరించారనడం ఇందువల్లనే తప్పు. ఆ ప్రశ్నను విడిగా ఎవరూ అడగలేదు.

సిద్ధాంతంలో మరొక ఊహ దాగి ఉన్నది: ప్రకటించిన స్థానంలోనే పార్టీ గెలిచాక కూడా నిలుస్తుందని. కూటమి మేనిఫెస్టో 2024 ఏప్రిల్ 30న విడుదలైంది. ఏడాది తిరగకముందే, 2025 ఏప్రిల్‌లో, వక్ఫ్ సవరణ బిల్లు లోక్‌సభలో 288–232 ఓట్లతో నెగ్గినప్పుడు తెలుగుదేశం దానిని సమర్థించింది. అంచున ఉన్నామని నోరు మూసుకొమ్మనే పెద్దలు, తీరం ఒకే గీత కానప్పుడు అంచు ఎక్కడున్నదో ముందు చూపించాలి.