అరవై రోజుల్లో ఏం తేల్చుకోవాలి?

"వదినా, నా ఉద్యోగం పోయింది. ఎక్కడో ఒకచోట వెంటనే చేరిపోవాలి." 2024 ఫిబ్రవరిలో మా ఆడపడుచు ఫోన్ చేసి అన్న మాట ఇది. వాళ్లు డల్లాస్‌లో ఉంటారు. భార్యాభర్తలిద్దరివీ హెచ్-1బి వీసాలే. నాలుగేళ్ల పాప ఉంది. వారం తిరిగేసరికి ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఉద్యోగం చూపించారు. వేరే రాష్ట్రం, ఆరు నెలల కాంట్రాక్టు, ఇదివరకటి టెస్టింగ్ పనే, జీతం మాత్రం తక్కువ. పాపను ఇక్కడే వదిలి వెళ్లాలి. అయినా సంతకం పెట్టేద్దామనుకుంది.

"రెండు రోజులు ఆగు, ముందు లెక్క వేద్దాం" అన్నాను.

మొదటి లెక్క తేదీలది. ఉద్యోగం పోయిన హెచ్-1బి వారికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఈలోగా ఐ-94 గడువు ముగిస్తే అంతవరకే. ఈ రోజులను మామూలుగా జీతం లెక్కగట్టిన ఆఖరి రోజు మర్నాటి నుంచి లెక్కిస్తారు. తరవాత చేతికొచ్చే సెవరెన్స్ డబ్బు ఈ గడువును పెంచదు. తనకు ఫిబ్రవరి 29 వరకు జీతం ఉంది కాబట్టి ఏప్రిల్ 29 వరకు సమయం ఉన్నట్టు. కబురు తెలిసిన రోజు నుంచే రోజులు లెక్కపెట్టుకుని తను కంగారు పడింది.

రెండోది, ఆ గడువులోగా ఉద్యోగమే దొరకాలని లేదు. భర్తది హెచ్-1బి కాబట్టి ఐ-539 ఫారంతో హెచ్-4కి మారతానని గడువులోగా దరఖాస్తు చేస్తే చాలు, ఇక్కడే ఉండొచ్చు. తనని లాటరీలో ఒకసారి లెక్కించారు కనుక, ఆరేళ్లలో వాడుకోని కాలానికి మళ్లీ లాటరీ అక్కర్లేదు. మూడున్నరేళ్లు అయ్యాయి, రెండున్నరేళ్లు మిగిలాయి. హెచ్-4లో ఉన్న కాలం ఆ ఆరేళ్లలోకి రాదు. ఈ సంగతి తెలిశాకే తన గొంతులో వణుకు తగ్గింది.

మూడోది ఇంటి లెక్క. అద్దె, కారు, సరుకులు, డేకేర్ కలిపి నెలకు 5,800 డాలర్లు. అన్నయ్యగారి జీతం చేతికొచ్చేది 5,100. తను ఇంట్లో ఉంటే డేకేర్ 1,100 మిగులుతుంది. అంటే గుట్టుగా గడిచిపోతుంది. ఒక్క ఇన్సూరెన్సే ప్రమాదం. ముగ్గురూ తన కంపెనీ పాలసీలోనే ఉన్నారు. అది ఆగిన 30 రోజుల్లోగా అడిగితే భర్త కంపెనీ పాలసీలో చేర్చుకుంటారు. ఆ గడువు దాటితే కోబ్రా కింద ప్రీమియం మొత్తం మనమే కట్టుకోవాలి, లేదా బయట వేరే పాలసీ వెతుక్కోవాలి.

కన్సల్టెన్సీకి వద్దని చెప్పి, మార్చి 20న హెచ్-4 దరఖాస్తు పంపింది.

ఇక అసలు పని. నేను కెమిస్ట్రీ చదివినదాన్ని, ల్యాబ్ నోట్‌బుక్ అలవాటు పోలేదు. "గత రెండేళ్లలో చేసిన పనులన్నీ రాయి. పక్కన మూడు గళ్లు గీయి: బాగా చేశానా, చేశాక అలసిపోయానా, మళ్లీ చేయమంటే చేస్తానా" అన్నాను. మూడు వారాల్లో ముప్పై పనులు రాసింది. టెస్ట్ స్క్రిప్టులు బాగానే చేసింది కానీ మళ్లీ చేయాలని లేదు. మూడు గళ్లలోనూ నిలిచినవి నాలుగే. నాలుగూ ఒకే రకం: ఆసుపత్రి నర్సులతో, బిల్లింగ్ వాళ్లతో కూర్చుని వాళ్లకేం కావాలో విని, ప్రోగ్రామర్లకు అర్థమయ్యేలా రాయడం. అది బిజినెస్ అనలిస్టు పని. తన హోదాలో ఆ పేరే లేదు.

ఆ పని చేస్తున్న ఆరుగురితో ఇరవై నిమిషాల చొప్పున మాట్లాడింది. ఉద్యోగం ఇప్పించమని ఒక్కరినీ అడగలేదు. "నిన్న పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని మాత్రమే అడిగింది. నలుగురు ఒకే లోపం చెప్పారు: డేటాబేస్ నుంచి సొంతంగా వివరాలు తీయడం రావాలి. రెండు నెలలు అదే నేర్చుకుంది.

హెచ్-4 జూలైలో వచ్చింది. ఆ నెలాఖరుకే ఒక ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ సంస్థలో అనలిస్టు ఉద్యోగమూ వచ్చింది. హెచ్-4 నుంచి హెచ్-1బికి మారేటప్పుడు పిటిషన్ వేయగానే పనిలో చేరడం కుదరదు, ఆమోదం వచ్చి మార్పు అమల్లోకి రావాలి. అందుకే ప్రీమియం ప్రాసెసింగ్ పెట్టి, సెప్టెంబరులో చేరింది.

ఈ దారికి హద్దులున్నాయి. హెచ్-4లో వర్క్ పర్మిట్ లేకుండా సంపాదన పని చేయకూడదు, ఇంట్లో కూర్చుని చేసే చిన్న కాంట్రాక్టు కూడా. భర్త ఉద్యోగం పోతే ఈ ఆధారమూ కదులుతుంది. ఒంటరిగా ఉన్నవారు విజిటర్ బి-2కి దరఖాస్తు చేసి వెతుక్కోవచ్చు, కానీ అది తిరస్కరిస్తే చిక్కు పెద్దది. 2025 సెప్టెంబరులో లక్ష డాలర్ల రుసుము ఉత్తర్వు వచ్చాక, దేశం దాటి వెళ్లే ముందు లాయరును అడగకుండా టికెట్ కొనొద్దు.

మొన్న పండక్కి వచ్చినప్పుడు ఆ నోట్‌బుక్ తెచ్చింది. చివర్లో కొత్త పేజీ, మళ్లీ అవే మూడు గళ్లు. "ఉద్యోగం పోయేదాకా ఎందుకు వదినా, ఆర్నెల్లకోసారి రాసుకుంటున్నాను" అంది.