కేబుల్ ఆయనకి ఓ ఉత్తరం

"ప్యాకేజీ పైనుంచే వస్తుందమ్మా, మా చేతిలో ఏం లేదు" అని కేబుల్ అబ్బాయి వరుసగా మూడో నెల కూడా అదే పాట పాడాడు. ఇక నోటితో చెబితే లాభం లేదని కాగితం తీశాను. "వంద రూపాయల కోసం ఉత్తరమా?" అని మా ఆయన నవ్వారు. నవ్వనీ. ఇదీ ఆ ఉత్తరం.

కేబుల్ యజమాని గారికి, నమస్కారం.

మా ఇంటి బిల్లు నెలకు 380 రూపాయలు. వారం రోజులు రిమోట్ పక్కన నోట్‌బుక్ పెట్టి, ఎవరు ఏం చూస్తే అది రాశాను. తొమ్మిది చానెళ్ళు తేలాయి. వాటిలో అత్తయ్యగారి భక్తి చానెల్, మా ఆయన వార్తా చానెళ్ళు మూడూ ఉచితమైనవే. మిగిలిన ఐదే డబ్బు కట్టాల్సినవి. ఒక్కోటి 19 రూపాయలనుకున్నా 95 అవుతుంది. మీ నెట్‌వర్క్ చార్జీ 130. రెండూ కలిపి 225. దానిమీద 18 శాతం జీఎస్టీ 40 రూపాయల 50 పైసలు. మొత్తం 265 రూపాయల 50 పైసలు.

మరి మిగతా 114 రూపాయల 50 పైసలు ఎవరికోసం కడుతున్నట్టు? మాకు రాని భాషల సినిమాలకీ, చిన్నపిల్లలు లేని ఇంట్లో కార్టూన్లకీనా? కూరగాయల బండివాడు కూడా వంకాయలు అడిగితే పొట్లకాయ అంటగట్టడు!

పైనుంచే వస్తుందంటారు. ప్యాకేజీ కట్టేది పైవాళ్ళే కావచ్చు, కానీ దాన్నే తీసుకు తీరాలని ఎక్కడా లేదు. ట్రాయ్ పెట్టిన కొత్త పద్ధతి 2019లో వచ్చినప్పటి నుంచీ చానెళ్ళు విడివిడిగా ఎంచుకునే హక్కు మాకుంది.

ఒక్క మాట ఒప్పుకుంటాను. ఒకే సంస్థవి మూడు నాలుగు చానెళ్ళు కావాలంటే, విడివిడిగా కంటే వాళ్ళ చిన్న ప్యాక్ చవక పడొచ్చు. అలా అయితే ప్యాకే వేయండి, అందులో చూడనివి రెండున్నా నాకు పేచీ లేదు. రెండు లెక్కలూ కాగితం మీద చూపించి, ఏది తక్కువైతే అది పెట్టండి. అడక్కుండా అంటగట్టడమే నాకు నచ్చనిది.

మా సెట్‌టాప్ బాక్స్ నంబరు, కావలసిన చానెళ్ళ పేర్లు వెనకవైపు రాశాను. వచ్చే నెల బిల్లులో నెట్‌వర్క్ చార్జీ, ఒక్కో చానెల్ ధర, పన్ను విడివిడిగా కనబడాలి.

ఇట్లు, మీ వినియోగదారురాలు.

రెండు కాపీలు రాశాను. ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీ వేసి సంతకం పెట్టమంటే ఆ అబ్బాయి తల గోక్కున్నాడు. "ఇలా ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. పెట్టాడు. నాలుగో రోజు కార్టూన్ చానెల్ నంబరు నొక్కితే, ఇది మీ ప్యాకేజీలో లేదని తెర మీద వచ్చింది. బిల్లు మాత్రం ఇంకా రాలేదు. నోట్‌బుక్ రిమోట్ పక్కనే ఉంది.