లాభంలో వాటా వేరు, పెట్టుబడిపై శాతం వేరు

వడ్డీ తీసుకోకూడదన్న నిష్ఠ గల కుటుంబానికి బ్యాంకులోని మిగులు డబ్బు ఒక చిక్కుప్రశ్న. జగిత్యాల, నిర్మల్, కరీంనగర్ ప్రాంతాల నుండి గల్ఫ్ దేశాలకు వెళ్లినవారు ఏళ్ల తరబడి కష్టపడి పంపిన సొమ్ము ఇంటికి చేరాక ఈ ప్రశ్న మరింత బరువెక్కుతుంది. సరిగ్గా ఆ ఇంటి తలుపునే "వడ్డీ కాదు, హలాల్ లాభం" అన్న మాట తడుతుంది.

హైదరాబాద్ కేంద్రంగా నడిచిన హీరా గోల్డ్ ఈ మాటతోనే పెరిగింది. బంగారం వ్యాపారంలో పెట్టుబడిగా డిపాజిట్లు తీసుకుని, ఏటా 36 శాతం దాకా లాభం ఇస్తామని ఆశ చూపిందన్నది దర్యాప్తు సంస్థల అభియోగం. వారి లెక్కల ప్రకారం లక్షన్నర మందికి పైగా ప్రజలు 5,000 కోట్ల రూపాయలకు మించి అందులో పెట్టారు. 2018లో చెల్లింపులు ఆగిపోయాయి; అదే ఏడాది అక్టోబర్‌లో సంస్థ అధినేత్రి అరెస్టయ్యారు. ఆరోపణలను ఆమె ఖండించారు; వ్యవహారం కోర్టులకెక్కింది. మరుసటి ఏడాది జూన్‌లో బెంగళూరులోని ఐ మానిటరీ అడ్వైజరీ కూడా ఇదే విధంగా మూతపడింది. అక్కడా మోసపోయినవారిలో అత్యధికులు మనవారే.

తీర్పు చెప్పవలసినది న్యాయస్థానం. అయితే ఇలాంటి వాగ్దానం ఎందుకు నిలవదో తెలుసుకోవడానికి తీర్పు అక్కరలేదు, కూడికలు చాలు. ఒక సంస్థ వద్ద వంద కుటుంబాలు తలా లక్ష చొప్పున కోటి రూపాయలు పెట్టాయనుకుందాం. వ్యాపారమేమీ లేదు. ఒక్కో కుటుంబానికి నెలకు మూడు వేలు ఇవ్వాలి, అంటే మొత్తం మూడు లక్షలు. కొత్తవారెవరూ చేరకపోయినా ఆ కోటితోనే 33 నెలలు చెల్లించవచ్చు. అన్నాళ్లూ ప్రతి కుటుంబం లాభం వస్తోందనే అనుకుంటుంది; నిజానికి అందుతున్నది తన అసలే. "మా బావకు రెండేళ్లుగా క్రమం తప్పకుండా వస్తోంది" అన్న సాక్ష్యం ఏమీ రుజువు చేయదని మేము పదే పదే చెప్పేది అందుకే.

ఆ తర్వాత పాతవారికి ఏడాదికి కావలసిన 36 లక్షల కోసం 36 కొత్త కుటుంబాలు చేరాలి. మరుసటి ఏడాది ఆ 36 కుటుంబాలకూ చెల్లించాలి గనుక 49 కుటుంబాలు కావాలి. ఆపై ఏడాది 67, తర్వాత 91, ఆ తర్వాత 123. ఇలా పదో ఏటికి, ఆ ఒక్క ఏడాదిలోనే, 570కి పైగా కొత్త కుటుంబాలు చేరవలసి వస్తుంది. ఇందులో ఏజెంట్ల కమీషన్లు, యజమానుల ఖర్చులు కలపలేదు. ఎవరూ అసలు తిరిగి అడగలేదనీ అనుకున్నాము. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు, మస్జిదు పరిచయాలకు ఎక్కడో ఒక హద్దు ఉంటుంది. చేరేవారు తగ్గిన నెలలోనే చెల్లింపు ఆగుతుంది. అప్పుడు చివరగా చేరినవారు దాదాపు పెట్టినదంతా పోగొట్టుకుంటారు.

మన ధర్మశాస్త్రమే ఇచ్చిన గీటురాయి ఒకటి ఇక్కడ ఉపయోగపడుతుంది. ముదారబా ఒప్పందంలో ముందుగా నిర్ణయించేది లాభంలో ఎవరికెంత వంతు అన్నది మాత్రమే. లాభం లేని ఏడాది పంచడానికేమీ ఉండదు. నష్టం వస్తే పెట్టుబడి తరుగుతుంది. "మీ లక్షపై నెలకు ఇంత" అని ముందే ఖాయం చేసిన మరుక్షణం అది భాగస్వామ్యం కాకుండా పోతుంది. పేరు హలాల్ అయినా దాని స్వభావం వడ్డీదే. దేశంలో బంగారం ధర 2012 నుండి 2015 దాకా దిగుతూ వచ్చింది. బంగారం వ్యాపారమని చెప్పేవారిని, ఆ మూడేళ్లలో చెల్లింపు ఎంత తగ్గిందని అడగాలి. తగ్గలేదంటే, ఆ సొమ్ము బంగారం నుండే వచ్చిందని నమ్మడం కష్టం.

రెండో ప్రశ్న కాగితాల గురించి. కంపెనీ రిజిస్ట్రేషన్, జీఎస్టీ నంబరు చూపి ప్రభుత్వ గుర్తింపు అంటారు. అవి వ్యాపారం చేయడానికే గాని ప్రజల నుండి డిపాజిట్లు తీసుకోవడానికి అనుమతి కావు. అటువంటి అనుమతి ఉందో లేదో రిజర్వు బ్యాంకు నడిపే సచేత్ పోర్టల్‌లో చూడవచ్చు, ఫిర్యాదూ చేయవచ్చు. అనుమతి లేని డిపాజిట్ పథకాలను కేంద్రం 2019 చట్టంతో నిషేధించింది. డిపాజిటర్ల రక్షణకు ఉమ్మడి రాష్ట్రంలో 1999లో వచ్చిన చట్టం కింద నిందితుల ఆస్తులు జప్తు చేయవచ్చు. అయితే జప్తయిన ఆస్తి వేలమై, సొమ్ము పంచేసరికి ఏళ్లు గడుస్తాయి; చేతికొచ్చేది పూర్తి మొత్తం కాకపోవచ్చు. అందుకే రసీదులు, బ్యాంకు బదిలీ ఆధారాలు భద్రపరచుకోవాలి, నగదుగా ఎన్నడూ ఇవ్వకూడదు.

ఇక మన పెద్దలకు, ఇమాములకు ఒక మనవి. ఏ పథకాన్నైనా ఆశీర్వదించే ముందు ఆడిట్ అయిన లెక్కలు అడగండి. మీ మాట మీద గౌరవంతో డబ్బు పెట్టే కుటుంబానికి, ఆ లెక్కలు అడిగే ధైర్యం ఉండదు.